ఇంక్యుబేటర్ దరఖాస్తులో మూడు ప్రశ్నలు: ట్రాక్షన్, బృందం, కావలసిన సహాయం
(యువ వ్యవస్థాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కొత్త సంస్థలను తొలిదశలో చేయిపట్టి నిలబెట్టే ఇంక్యుబేటర్ల దరఖాస్తులో చాలా ప్రశ్నలుంటాయి. వాటిలో సమస్య ఏమిటి, పరిష్కారం ఏమిటి, మార్కెట్ ఎంత అనే వాటికి మీలో చాలామంది బాగానే రాస్తున్నారు. ఎంపిక సంఘంలో కూర్చుని దరఖాస్తులు చదివేవాళ్లం ఆగిపోయేది తరచుగా మరో మూడు చోట్ల: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చారు, ఎవరెవరున్నారు, మా నుంచి మీకు ఏం కావాలి. ఈ మూడింటిని దరఖాస్తుదారులు మూడు వేర్వేరు గళ్లుగా చూస్తారు కనుక ఒక్కోదాన్ని ఒక్కో రోజు, ఒక్కోసారి ఒక్కో మనిషి నింపుతారు. చదివేవారు మాత్రం వాటిని కలిపే చదువుతారు. మొదటి గడిలో ఏ విషయం ఇంకా తేలలేదో కనిపించాలి. దాన్ని తేల్చగలవాళ్లు బృందంలో ఎవరో, ఎవరు లేరో రెండో గడిలో తెలియాలి. ఆ లేని భాగమే మూడో గడిలో అడిగే సహాయం కావాలి. ఈ వరుస తెగిన దరఖాస్తు ఎంత బాగా రాసినా మాకు అనుమానమే మిగులుతుంది.

ఇదంతా గాలిలో చెప్పడం ఇష్టం లేక, ఈ రోజు కోసం ఒక ఉదాహరణ తయారు చేసుకొచ్చాను. సంస్థ కల్పితం, అంకెలు నేను వేసుకున్నవి. కానీ అందులోని ఇబ్బందులు నేను చదివిన దరఖాస్తుల్లో మళ్లీ మళ్లీ ఎదురైనవే. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల కోసం ఇద్దరు స్నేహితులు ఒక తేమ కొలిచే పరికరం తయారు చేశారనుకుందాం. అక్కడ టిక్కీ అని పిలిచే మిర్చి బస్తాలోకి పొడవాటి సూదుల్లాంటి ముళ్లు గుచ్చితే నిమిషంలోపు తేమ శాతం చూపి, ఆ లాట్ నంబరు మీద ఫోన్‌లో నమోదు చేస్తుంది. మిర్చిలో తేమ సుమారు పది, పదకొండు శాతానికి మించి ఉంటే నిల్వలో రంగు పోతుంది, బూజు పడుతుంది. ఇప్పుడు అక్కడ చేత్తో నలిపి, గింజల చప్పుడు విని అంచనా వేస్తున్నారు. పరికరం అద్దె నెలకు 5,000 రూపాయలు. జూలైలో దరఖాస్తు పెడుతున్నారు.

ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చారని అడిగే ట్రాక్షన్ గడిలో వాళ్లు మొదట ఇలా రాశారు: “11 కోల్డ్ స్టోరేజీలతో భాగస్వామ్యం, 500కు పైగా రైతులకు ప్రయోజనం, 20,000 రీడింగులు, నెలకు 60 శాతం వృద్ధి.” ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని వాళ్లు నమ్ముతారు. అయినా ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా మాకు పనికిరాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

భాగస్వామ్యం అన్న మాట మాట్లాడి వచ్చిన చోటికీ చెల్లుతుంది, డబ్బు కట్టిన చోటికీ చెల్లుతుంది కనుక అది మాకు ఏమీ చెప్పదు. అడిగితే తేలిందేమిటంటే, పదకొండు మందితో మాట్లాడారు. ఫిబ్రవరిలో ఆరుగురు పరికరాన్ని ఉచితంగా పెట్టుకోనిచ్చారు. మార్చి మొదట్లో అద్దె అడిగితే ముగ్గురు ఒప్పుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకరు రెండు పరికరాలు, మిగతా ఇద్దరు ఒక్కొక్కటి తీసుకున్నారు. అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో నాలుగు పరికరాలకు కలిపి 40,000 రూపాయల అద్దె. మేలో యార్డుకు సరుకు రావడం తగ్గి, వేసవి సెలవులు మొదలయ్యాక ఇద్దరు పరికరాలు తిరిగి ఇచ్చేశారు. రెండు పరికరాలు తీసుకున్న ఒక్కరు మాత్రం ఉంచుకున్నారు. మే, జూన్ నెలలకు మరో 20,000. మొత్తం 60,000 రూపాయల ఇన్‌వాయిస్‌లలో 50,000 బ్యాంకుకు చేరింది, పదివేలు రావలసి ఉంది.

ఈ లెక్క విన్నాక వాళ్లలో ఒకరికి ముఖం చిన్నబోయిందనుకోండి, అది సహజమే: పదకొండు అన్న చోట ఒకటి మిగిలింది కదా. కానీ సంఘంలో ఉన్నవారికి ఆసక్తి పుట్టేది సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్కరు ఎందుకు ఉంచుకున్నారు? సరుకు లోపలికి వచ్చేటప్పుడే కాకుండా, బయటికి వెళ్లేటప్పుడు కూడా ఆయన కొలుస్తున్నారు. వానాకాలంలో ఎగుమతిదారుడి మనిషి సరుకు చూడటానికి వచ్చినప్పుడు తేమ ఇంత అని నమోదు చూపితే ధర దగ్గర బేరం తగ్గుతోంది. పరికరం వెనక్కి ఇచ్చిన ఇద్దరు దాన్ని సరుకు దించుకునే మూడు నాలుగు నెలల పనిముట్టుగానే చూశారు. ఇక్కడ దొరికింది వ్యాపారానికి మూలమైన సమాచారం. ఏడాదిలో నాలుగు నెలల అద్దె వ్యాపారమా, పన్నెండు నెలలదా అన్నది ఈ ఒక్క కస్టమర్ ప్రవర్తనలో ఉంది. దాన్ని “11 భాగస్వామ్యాలు” అన్న మాట పూర్తిగా కప్పేసింది.

నెలకు 60 శాతం వృద్ధి సంగతి కూడా ఇదే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరులో మిర్చికి సంబంధించిన ఏ అంకె తీసుకున్నా పెరుగుతూనే ఉంటుంది. లారీలూ పెరుగుతాయి, హమాలీ కూలీ కూడా పెరుగుతుంది. సీజన్ పెరుగుదలను సంస్థ పెరుగుదలగా రాస్తే, ఆ పంట తెలిసిన సభ్యుడు ఒక్కరున్నా చాలు, మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. వ్యవసాయంలోనే కాదు, విద్యా సంబంధమైన స్టార్టప్‌లకు జూన్‌లో, బట్టల వ్యాపారానికి దసరా ముందు ఇదే జరుగుతుంది. సీజన్ ఉన్న వ్యాపారంలో వృద్ధి శాతం రాయకండి. ఈ సీజన్‌లో ఎంతమందికి చూపాం, ఎంతమంది డబ్బు కట్టారు, సీజన్ అయిపోయాక ఎంతమంది మిగిలారు అని రాయండి. వచ్చే ఏడాది అదే సీజన్‌తో పోల్చుకునే అవకాశం వచ్చినప్పుడు వృద్ధి మాట ఎత్తవచ్చు.

ఇక 20,000 రీడింగులు. ఎవరు తీశారన్నది ప్రశ్న. ఇందులో 14,000 ఈ సంస్థ సొంత కుర్రాళ్లు పరీక్షల కోసం తీసినవి. స్టోరేజీ గుమాస్తాలు తమంతట తాము తీసినవి 6,000. ఆ ఆరువేలే వాడకం. మిగతావి పరిశోధన ఖర్చు. వాడుక లెక్క ఇచ్చేటప్పుడు మీ మనుషులు నిలబడి చేయించినదాన్ని, మీరు లేనప్పుడు జరిగినదాన్ని విడదీసి చెప్పండి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 500 మంది రైతులు అన్నది ఆ లాట్‌ల యజమానుల పేర్లు లెక్కపెట్టి రాసిన అంకె. వాళ్లలో చాలామందికి ఈ పరికరం ఉన్నట్టు కూడా తెలియదు. సామాజిక ప్రయోజనం గురించి వేరే గడి ఉంటే అక్కడ జాగ్రత్తగా రాసుకోవచ్చు, ట్రాక్షన్‌లో దానికి చోటు లేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం దరఖాస్తులో అసలు లేనే లేదు. పరికరం సరిగ్గా కొలుస్తోందా? వాళ్లు 40 నమూనాలను ప్రయోగశాలకు పంపి పోల్చి చూశారు. 31 నమూనాల్లో తేడా ఒక శాతం లోపే ఉంది. తప్పిన తొమ్మిదిలో ఎక్కువ భాగం తేమ పద్నాలుగు శాతం దాటినవి. ఇది బయటపెడితే దరఖాస్తు దెబ్బతింటుందని దాచారు. నా అభిప్రాయం పూర్తిగా దీనికి విరుద్ధం. తడి ఎక్కువగా ఉన్న సరుకును పట్టుకోవడమే ఈ పరికరం పని. అక్కడే అది తడబడుతోంది. ఇంత స్పష్టంగా ఇంకా తేలని ప్రశ్న చేతిలో ఉన్నవాళ్లకు ఇంక్యుబేటర్ ఎందుకు కావాలో విడిగా వివరించనక్కరలేదు. పైగా, తనిఖీ సమయంలో ఈ సంగతి ఎలాగూ బయటికి వస్తుంది. అప్పుడు వస్తే అది దాచిన విషయం అవుతుంది. దరఖాస్తులోనే ఉంటే అది మీరు కనుక్కున్న విషయం అవుతుంది.

కనుక ఆ గడిలో వాళ్లు మళ్లీ రాసిన జవాబు ఇలా వచ్చింది. చదువుతాను: “ఫిబ్రవరిలో ఆరు కోల్డ్ స్టోరేజీల్లో పరికరాన్ని ఉచితంగా పెట్టాం. మార్చిలో మూడు స్టోరేజీలు నాలుగు పరికరాలకు నెలకు 5,000 చొప్పున అద్దె చెల్లించడానికి ఒప్పుకున్నాయి. జూన్ చివరికి 60,000 రూపాయల బిల్లుల్లో 50,000 వసూలైంది. సరుకు రాక ఆగాక రెండు స్టోరేజీలు పరికరాలు తిరిగి ఇచ్చాయి. సరుకు బయటికి పంపేటప్పుడు కూడా కొలుస్తున్న ఒక స్టోరేజీ కొనసాగుతోంది. స్టోరేజీ సిబ్బంది స్వయంగా 6,000 రీడింగులు తీశారు. ప్రయోగశాలతో పోల్చిన 40 నమూనాల్లో 31 ఒక శాతం తేడాలోపు ఉన్నాయి. 14 శాతం పైబడిన తేమ వద్ద పరికరం నమ్మదగినట్టుగా లేదు. ఇంకా తేలవలసినవి రెండు: ఎక్కువ తేమ వద్ద కచ్చితత్వం, సరుకు బయటికి వెళ్లేటప్పుడు కొలతకు డబ్బు ఇచ్చేవారు ఇంకెంతమంది ఉన్నారన్నది.” ఇది మొదటిదానికంటే చిన్న అంకెలతో ఉన్న జవాబు. అయినా పిలిచి మాట్లాడాలనిపించేది దీన్ని రాసినవాళ్లనే.

ఇప్పుడు బృందం.

ఈ గడిలో సాధారణంగా డిగ్రీలు, పనిచేసిన పెద్ద కంపెనీల పేర్లు ఉంటాయి. అవి ఉండవచ్చు, ఒక వాక్యంలో సరిపోతాయి. మేం వెతికేది వేరు. అమెరికాలో 2005 నుంచి నడుస్తున్న వై కాంబినేటర్ దరఖాస్తులో బృందం గురించి అడిగే ప్రశ్నలు చూడండి: వ్యవస్థాపకులకు ఒకరితో ఒకరికి ఎంతకాలంగా పరిచయం, ఎలా కలిశారు, సాంకేతికమైన పని ఎవరు చేస్తారు, అందులో వ్యవస్థాపకులు కానివారు చేసినదేమైనా ఉందా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న పదునైనది. మన దగ్గర చాలా ఫారాల్లో దాన్ని ఇంత సూటిగా అడగరు గానీ, ముఖాముఖిలో తప్పకుండా వస్తుంది.

మన ఉదాహరణలో మొదటి ముసాయిదాలో ఆరుగురి ఫొటోలు ఉన్నాయి. ఇద్దరు వ్యవస్థాపకులు, ఒక సాంకేతిక అధిపతి, ముగ్గురు సలహాదారులు. సలహాదారుల్లో ఒకరు విశ్రాంత ప్రొఫెసర్. ఏడాదిలో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడారు. సాంకేతిక అధిపతి అన్న మనిషి మొదట్లో సర్క్యూట్ డిజైన్ చేసిన మూడో వ్యవస్థాపకుడు. ఉద్యోగం వచ్చి ఆరు నెలల క్రితమే బెంగళూరు వెళ్లిపోయాడు. కంపెనీలో అతని పేరు మీద 20 శాతం వాటా ఇప్పటికీ ఉంది. ఇద్దరు మిగిలిన వ్యవస్థాపకుల్లో ఒకరు ఎలక్ట్రానిక్స్ చదివి, పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ రాస్తారు, పూర్తికాలం ఇందులోనే ఉన్నారు. మరొకరిది గుంటూరులో కమీషన్ వ్యాపారం చేసే కుటుంబం. కస్టమర్ల దగ్గరికి వెళ్లేది, అద్దె వసూలు చేసేది ఆమె. ఆమె ఇంకా ఒక ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకురాలిగా కొనసాగుతున్నారు.

ఇందులో సంఘం ముందు పెట్టవలసిన విషయాలు మూడున్నాయి, మూడూ మొదటి ముసాయిదాలో లేవు. వెళ్లిపోయిన వ్యక్తి వాటా మొదటిది. ఇది ఎంత మామూలు సమస్యో చెప్పలేను. ముగ్గురు స్నేహితులు కంపెనీ రిజిస్టర్ చేసిన రోజునే వాటాలు పూర్తిగా పంచుకుంటారు. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేటట్టు, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళితే ఏమీ దక్కకుండా ఒప్పందం రాసుకోరు. స్నేహితుల మధ్య అలాంటి కాగితం అడగడం మర్యాద కాదని అనుకుంటారు. తరువాత పెట్టుబడి పెట్టేవారికి మాత్రం పని చేయని మనిషి చేతిలో ఐదో వంతు కంపెనీ కనిపిస్తుంది. దరఖాస్తు పంపేముందు అది పూర్తిగా పరిష్కారం కాకపోవచ్చు. అతని 20 శాతంలో 16 శాతం వాటాను వెనక్కి తీసుకోవడానికి అతను ఒప్పుకున్నాడు, బదలాయింపు కాగితాలు ఆడిటర్ దగ్గర ఉన్నాయి, ఫలానా నెలకు పూర్తవుతాయి అని రాయగలిగితే చాలు. డిజైన్ మీద హక్కులన్నీ కంపెనీ పేరిట రాసి ఇచ్చాడా అన్నది కూడా అదే వాక్యంలో చెప్పాలి. అది లేకుండా అతని ఫొటో ఉంచడం కంటే పేరు తీసేసి జరిగింది రాయడం మేలు.

రెండోది ఆమె ఉద్యోగం. ఉద్యోగం చేస్తూ స్టార్టప్ నడపడం నేరం కాదు, మన కుటుంబాల పరిస్థితుల్లో చాలామందికి అది తప్పదు కూడా. కాకపోతే వారానికి ఎన్ని గంటలు ఇస్తున్నారు, ఏది జరిగితే ఉద్యోగం మానేస్తారు అన్నది స్పష్టంగా ఉండాలి. “నిధులు వచ్చాక పూర్తికాలం” అన్న వాక్యం మాకు రోజూ కనిపిస్తుంది, అది ఏమీ తేల్చదు. ఎన్ని నిధులు? “ప్రస్తుతం వారానికి మూడు సాయంత్రాలు, శని ఆదివారాలు, కళాశాల సంవత్సరం ముగిసే ఏప్రిల్‌లో రాజీనామా, ఆ తరువాత ఎనిమిది నెలలకు సొంత పొదుపు ఉంది” అన్నది జవాబు. ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది: కళాశాల ప్రయోగశాలలో, దాని పరికరాలతో తయారైనదాని మీద హక్కు ఎవరిదన్నది నియామక పత్రంలో, సంస్థ నిబంధనల్లో రాసి ఉంటుంది. కళాశాల నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తెచ్చుకుంటే రెండు నెలల తరువాత లాయర్ అడిగినప్పుడు పరుగులు పెట్టనక్కరలేదు.

మూడోది లేని నైపుణ్యం. మొదటి గడిలో తేలని ప్రశ్న ఏమిటి? ఎక్కువ తేమ వద్ద కచ్చితత్వం. ఇలాంటి పరికరాలు మిర్చి గుండా విద్యుత్తు ప్రవర్తనను కొలిచి తేమను అంచనా వేస్తాయి. సరుకు ఉష్ణోగ్రత మారితే ఆ అంచనా మారుతుంది, టిక్కీని ఎంత గట్టిగా తొక్కి నింపారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. చల్లటి గదిలోంచి బయటికి తెచ్చిన టిక్కీ మీద వానాకాలపు గాలి తగిలి చెమ్మ పడితే, లోపల పొడిగా ఉన్న కాయకే రీడింగ్ పెరగవచ్చు. దీన్ని సరిచేయడానికి ఫర్మ్‌వేర్ రాసే మనిషి ఒక్కరే చాలరు. కొలత శాస్త్రం తెలిసి, నమూనాలు ఎలా ఎంచాలో, పోలిక ఎలా చేయాలో చెప్పగలవారు కావాలి. ఈ బృందంలో అలాంటివారు లేరు. బృందం గడిలోనే ఆ మాట రాయాలి: “పరికరం రీడింగును ప్రామాణిక కొలతతో సరిచూసి దిద్దే క్రమాంకనం విషయంలో మాకు అనుభవం లేదు.” ఈ వాక్యం రాయడానికి భయపడేవాళ్లు ఆ ఖాళీని సలహాదారుల ఫొటోలతో నింపుతారు. ఫోన్ చేస్తే అరగంట మాట్లాడే పెద్దమనిషిని బృందంలో చూపితే, ఆ పని ఎవరు చేస్తారని మేం మళ్లీ అడగవలసి వస్తుంది.

మూడో గడికి ఇప్పుడు దాదాపు జవాబు తయారైనట్టే. అయినా ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. “మార్గదర్శకత్వం, నెట్‌వర్కింగ్, నిధులు, మార్కెట్ అవకాశాలు” అన్న నాలుగు మాటలు నేను చదివిన దరఖాస్తుల్లో ఎన్నిసార్లు చూశానో. అవి ఇంక్యుబేటర్ తన కరపత్రంలో రాసుకున్న మాటలు. మా మాటలు మాకే తిరిగి పంపుతున్నారన్నమాట.

ముందు డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం మార్గదర్శకాలు తీసుకుందాం, మీలో చాలామంది ఆ దారిలోనే వస్తారు కనుక. పథకానికి 945 కోట్ల రూపాయలు కేటాయించారు. డబ్బు నేరుగా ప్రభుత్వం నుంచి రాదు, ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారా వస్తుంది. ఆలోచన పనిచేస్తుందని రుజువు చేయడానికి, నమూనా తయారీకి, ఉత్పత్తి పరీక్షలకు గ్రాంట్ రూపంలో గరిష్ఠంగా 20 లక్షలు. మార్కెట్లోకి వెళ్లడానికి, విస్తరణకు రుణం లేదా తరువాత వాటాలుగా మార్చుకోదగిన డిబెంచర్ల రూపంలో గరిష్ఠంగా 50 లక్షలు. గ్రాంట్ ఒక్కసారిగా చేతికి రాదు, మైలురాళ్లు చేరుకున్నకొద్దీ వాయిదాల్లో వస్తుంది. భవనాలు, సదుపాయాలు కట్టుకోవడానికి వాడకూడదు. దరఖాస్తు నాటికి కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదు, కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖలోని డీపీఐఐటీ విభాగం గుర్తింపు ఉండాలి, భారతీయ ప్రమోటర్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ప్రాధాన్య క్రమంలో మూడు ఇంక్యుబేటర్ల దాకా ఎంచుకోవచ్చు. దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న నిబంధనలను పోర్టల్‌లో మళ్లీ చూసుకోండి.

గరిష్ఠం 20 లక్షలని తెలియగానే మన ఉదాహరణలోని ఇద్దరు వ్యవస్థాపకులూ 20 లక్షలు అడిగారు. కింద “ఉత్పత్తి అభివృద్ధి 8, మార్కెటింగ్ 6, జీతాలు 4, ఇతరాలు 2” అని పంచారు. అంకె ముందు పుట్టి, ఖర్చులు తరువాత పుట్టిన పట్టిక అది, చూడగానే తెలిసిపోతుంది. పైగా 50,000 వసూలైన దశలో ఆరు లక్షల మార్కెటింగ్ దేనికి? తప్పుగా కొలిచే పరికరాన్ని ఎక్కువమందికి చేర్చడానికా? ఖర్చును తేలని ప్రశ్నల నుంచి కట్టుకుంటూ వస్తే వేరే అంకె వస్తుంది.

కచ్చితత్వం తేలాలంటే తొమ్మిది నుంచి ఇరవై శాతం దాకా అన్ని స్థాయిల్లో 150 నమూనాలు కావాలి. ఒక్కో నమూనాకు సేకరణ, రవాణా, పరీక్ష కలిపి 2,000 అనుకుంటే మూడు లక్షలు. మిర్చి లాంటి మసాలాల్లో ఆవిరయ్యే తైలాలు ఉంటాయి కనుక మామూలు ఓవెన్‌లో ఎండబెట్టి తగ్గిన బరువంతా తేమే అనుకోవడానికి లేదు. టోలుయీన్ అనే ద్రావకంతో మరిగించి నీటిని వేరుచేసి కొలిచే ప్రామాణిక పద్ధతి ఉంది. ఏ పద్ధతితో పోలుస్తున్నారో రాయకపోతే 150 నమూనాలు కూడా వృథా. ఈ పోలిక చూసుకునే క్షేత్ర ఇంజినీరుకు నెలకు 30,000 చొప్పున ఆరు నెలలకు 1,80,000. కొత్తగా పది పరికరాలు 18,000 చొప్పున 1,80,000. వ్యాపార లావాదేవీలో వాడే కొలత పరికరానికి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద మోడల్ ఆమోదం అవసరమవుతుంది. పరీక్షలకు, కాగితాలకు లక్షన్నర. మొత్తం 8,10,000. ఇరవై అడగగలిగిన చోట ఎనిమిది అడిగితే ఆశ లేదనుకుంటారేమోనని అధ్యాపకురాలైన వ్యవస్థాపకురాలు సందేహించారు. ఎనిమిదికి లెక్క ఉన్నచోట ఎవరూ అలా అనుకోరు.

ఈ లెక్కకు కాలం కూడా జోడించాలి, అక్కడ మళ్లీ పంట వస్తుంది. తడి ఎక్కువగా ఉన్న కొత్త సరుకు దొరికేది సీజన్ మొదలయ్యే నెలల్లోనే. ప్రయోగశాలలో పొడి కాయకు నీళ్లు చల్లి తడిపిన నమూనా, పొలం నుంచి సరిగా ఆరక వచ్చిన కాయలా ప్రవర్తించదు. కనుక జూలైలో పెట్టిన దరఖాస్తుకు డిసెంబరులోపు మొదటి వాయిదా అందకపోతే ఒక ఏడాది పోయినట్టే. ఈ విషయం రాసిన దరఖాస్తును సంఘం తొందరగా కదిలించే అవకాశం ఉంది. రాయకపోతే మీ గడువు మాకు ఎలా తెలుస్తుంది? కాబట్టి వాళ్లు రెండు వాయిదాలుగా అడిగారు. డిసెంబరులో 4,20,000: నమూనాలకు మూడు లక్షలు, ఇంజినీరుకు నాలుగు నెలల జీతం. మార్చి చివరికి 150లో కనీసం 135 నమూనాలు ఒక శాతం తేడాలోపు ఉండాలి, 14 శాతం పైబడినవాటిని విడిగా లెక్కించినా అదే నిష్పత్తి రావాలి. అది జరిగితే ఏప్రిల్‌లో మిగిలిన 3,90,000: మోడల్ ఆమోదం, పది పరికరాలు, వానాకాలంలో వాటిని సరుకు బయటికి పంపే చోట పెట్టడానికి ఇంజినీరు రెండు నెలల జీతం. మైలురాయి చేరకపోతే రెండో వాయిదా అడగబోమని కూడా రాశారు. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది, ఉదాహరణ నాదే అయినా.

డబ్బు కాని సహాయంలో కూడా ఇంతే వివరం ఉండాలి. కొలత శాస్త్రం తెలిసిన మనిషి నెలకు రెండుసార్లు, నాలుగు నెలలపాటు. నమూనాల ఎంపిక ప్రణాళికను మొదలుకు ముందు చూసి సరిదిద్దాలి. మసాలా ఎగుమతి సంస్థల్లో సరుకు నాణ్యత చూసే అధికారులు ఇద్దరితో పరిచయం. యజమానులతో అవసరం లేదు, ఎందుకంటే బయటికి వెళ్లే సరుకు తేమ నమోదుకు విలువ ఉందో లేదో చెప్పగలిగేది గోడౌన్‌లో నిలబడే ఆ అధికారులే. ఆఫీసు స్థలం వద్దని కూడా రాశారు, పని గుంటూరులో ఉంది కనుక. అక్కరలేనిది ఏదో చెప్పడం వల్ల అడిగినదానికి బరువు వస్తుంది.

ఇంత వివరంగా అడిగాక ఎవరిని అడగాలన్నది కూడా మారిపోతుంది. హైదరాబాద్‌లో 2015లో మొదలైన టీ-హబ్ పేరు అందరికీ తెలుసు కనుక మొదటి ప్రాధాన్యం అదే రాస్తారు. ఈ సంస్థకు కావలసింది మసాలా నమూనాలు, కొలత, వ్యవసాయ వాణిజ్యం. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్ ఆవరణలో ఉన్న ఎ-ఐడియా, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోని వ్యవసాయ ఇంక్యుబేటర్ లాంటివి ముందు పరిశీలించాలి. ఆ సంవత్సరం ఏ పథకం కింద ఎవరు దరఖాస్తులు తీసుకుంటున్నారో చూసుకోవాలి. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు నాణ్యత పరీక్షాశాల ఉంది. నమూనాల ధర, గడువు అక్కడ అడిగి తెలుసుకుని రాస్తే మన 2,000 అన్న ఊహ స్థానంలో అసలు అంకె వస్తుంది.

సమయం ఉంది కనుక రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

మొదటిది, ఇంకా ఒక్క రూపాయి అమ్మకం లేనివాళ్లు ట్రాక్షన్ గడిలో ఏం రాయాలని అడుగుతున్నారు. డబ్బు కాకపోతే, కస్టమర్ తనకు ఖర్చయ్యేదేదైనా ఇచ్చాడా చూడండి. కోల్డ్ స్టోరేజీ యజమాని సీజన్ రద్దీలో తన గుమాస్తాను వారం రోజులు మీతో పంపాడా? లాట్ రిజిస్టరు చూపించాడా? అవి చెప్పండి. కొంటామని ఇచ్చిన ఉద్దేశ లేఖలు కూడా జతచేయవచ్చు, కానీ ధర, సంఖ్య, గడువు లేని లేఖకు విలువ తక్కువ. స్నేహితుడి మామగారి కంపెనీ నుంచి తెచ్చిన లేఖ అయితే ఆ బంధుత్వం రాసేయండి.

రెండోది, కచ్చితత్వం తక్కువని రాస్తే పోటీలో అంకెలు పెంచి రాసినవాళ్లే ముందుకు వెళ్లిపోరా అని. మొదటి వడపోతలో అలా జరగవచ్చు, కాదనను. వందల దరఖాస్తులను తొందరగా చూసే చోట పెద్ద అంకె కంటికి ఆనుతుంది. అందుకే బలమైన వాక్యాన్ని ముందు పెట్టండి. మన ఉదాహరణలో అది, సీజన్ అయిపోయినా అద్దె కడుతూనే ఉన్న స్టోరేజీ. కచ్చితత్వం లోపాన్ని దాని వెంటనే, దాన్ని తేల్చే పరీక్షతో కలిపి రాయండి. ముఖాముఖికి వచ్చేటప్పుడు ఆ నలభై నమూనాల పట్టిక ప్రింట్ తీసి తెచ్చుకోండి, తప్పిన తొమ్మిదింటినీ పైన పెట్టి.